అడిగాకే అచ్చు వేయండి

సంపాదకులకు,

సంప్రదాయ చిహ్నం కనబడితే బ్రాండ్లు అందం చూస్తాయి, అది ఎవరిదో చూడవు. అమెరికాలోని జియా ప్యూబ్లో అనే ఆదివాసుల సూర్యచిహ్నమే తీసుకోండి. నడుమ వృత్తం, నాలుగు వైపులా నాలుగేసి కిరణాలు. వారికది పవిత్రం. 1925లో న్యూ మెక్సికో రాష్ట్రం దాన్ని జెండాకెక్కించింది. తర్వాత ఎవరికి తోచినట్టు వారు సరుకులపై అచ్చేసుకున్నారు. సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ మాత్రం విమానంపై వేసేందుకు వారి అనుమతి తీసుకుంది, విరాళమూ ఇచ్చింది.

అనుమతి పత్రంలో ఏ వస్తువుపై, ఎంతకాలం, ప్రతిఫలమెంత అన్నవి ఉండాలి. చెప్పులపై వద్దంటే మానుకోవాలి. ఒక్క కిరణం తగ్గినా అర్థం చెడుతుంది గనుక తుది నమూనా వారికి చూపాలి. ఇంతా చేసి పక్కన ఈకల కిరీటం పెట్టుకున్న మనిషిని నిలబెడితే ఏం లాభం? ఆ కిరీటం జియా వారిది కాదు, మైదాన ప్రాంత తెగలది. అందరినీ ఒకే గాటన కట్టే మూసబొమ్మ అంటే అదే.

– ఒక డిజైనర్