పగలొక రంగు, రాత్రొక రంగు: ఇక నుంచి మా షాపులో ముందు శాంపిల్

"మీ షాపులో చూసినప్పుడు లేత బూడిద రంగు. మా హాల్లో పగలు నీలంగా ఉంది, రాత్రి లైట్లేస్తే మట్టి రంగులా ఉంది. రంగు తప్పు కలిపారా? అసలు రంగు ఏది?" (రాజోలు వైపు నుంచి ఒక కస్టమర్)

నమస్కారమండి. ముందు తప్పు కలిపామో లేదో తేలాలి కాబట్టి షేడ్ కార్డు పట్టుకుని పాలకొల్లు నుంచి వాళ్లింటికి వెళ్లాను. రెండో కోటు బాగా ఆరింది. కిటికీ పక్కన కార్డును గోడకి ఆనించి చూశాం, రెండూ ఒకటే. తర్వాత కర్టెన్లు మూసి లైట్లు వేశాం. గోడ మట్టి రంగులోకి తిరిగింది, కార్డు కూడా అచ్చం అలాగే తిరిగింది. అంటే మిక్సింగ్ సరిగ్గానే ఉంది. రెండు వెలుగుల్లోనూ కార్డుకీ గోడకీ పొంతన లేకపోతే తప్పు మాదే, డబ్బా వెనక్కి తీసుకుంటాం.

ఆ రంగులో ఏముందంటే, తెల్లటి బేస్‌లో కాస్త నలుపు, చుక్క నీలం. గోడకి సొంత వెలుగు ఉండదు, మీద పడినదాంట్లోంచే కొంత తిప్పి పంపుతుంది. లైటు వెలుగు ఏ ఛాయలో ఉంటుందో చెప్పేది కెల్విన్ అంకె, అది తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలం. ఆయన హాల్లో సీలింగ్ చుట్టూ ఉన్నవి 3000 కెల్విన్ వార్మ్ లైట్లు. వాటిలో నీలం పాలు బాగా తక్కువ, పసుపు, ఎరుపు ఎక్కువ. గోడలో ఉన్న ఆ చుక్క నీలానికి తిప్పి పంపడానికి పెద్దగా ఏమీ దొరకదు, పైనుంచి పసుపు పరుచుకుంటుంది. పగలేమో దీనికి పూర్తిగా ఎదురు. కిటికీ ఉత్తరం వైపుంది, ఎండ నేరుగా పడదు, ఆకాశం నుంచి వచ్చే నీలపు వెలుగే లోపలికి వస్తుంది. దానికి తోడు బయటంతా కొబ్బరితోట. ఆకుల మీద పడి వచ్చే వెలుగు కిటికీ దగ్గర గోడకి కొంచెం పచ్చదనం కూడా అంటిస్తుంది. మన వైపు చేలకీ తోటలకీ ఆనుకుని ఉన్న ఇళ్లలో దీన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే.

ముదురు మెరూన్ వేసుంటే ఆయనకి ఇంత టెన్షన్ ఉండేది కాదు. బూడిద, ఆఫ్ వైట్, లేత క్రీము లాంటి వాటిలో సొంత రంగు చాలా తక్కువ. కాబట్టి వెలుగు కొంచెం మారినా అవి ఏకంగా వేరే పేరుగల రంగుల్లా కనిపిస్తాయి.

అసలు రంగు అంటే, కంపెనీలు సాధారణంగా షేడ్‌ని సరిచూసేది సుమారు 6500 కెల్విన్ పగటి వెలుగు కింద. మా షాపు ట్యూబులూ అవే, అందుకే ఇక్కడ కార్డులో ఉన్నట్టే కనిపించింది. కానీ ఆ హాల్లో ఇంటిల్లిపాదీ కూర్చునేది సాయంత్రం ఆరు దాటాకే. నన్నడిగితే ఏ గదికైనా మీరు ఎక్కువసేపు గడిపే వేళ కనిపించే రంగే మీ రంగు, దాన్ని చూసే ఎంచుకోవాలి.

హాలుకి మళ్లీ రంగు వేయొద్దని చెప్పాను. లైట్లు మార్చి 4000 కెల్విన్‌వి పెట్టించాం, మట్టిఛాయ చాలావరకు పోయింది. పగటి నీలం మాత్రం ఉంది, కిటికీని మార్చలేం కదండీ. పడకగదికి నీలం బదులు చిటికెడు రెడ్ ఆక్సైడ్ పడిన బూడిద తీసుకున్నారు.

ఇంకో రకం ఫిర్యాదు కూడా వస్తుంటుంది: పాత గోడకి ప్యాచ్ వేస్తే పగలు కలిసిపోయింది, రాత్రి బల్బు కింద మచ్చలా తేలింది అని. పాత రంగు ఒక రకం పిగ్మెంట్లతో, కొత్తది ఇంకో రకం పిగ్మెంట్లతో కలిస్తే ఇలా ఒక వెలుగులో సరిపోయి ఇంకో వెలుగులో విడిపోవచ్చు. మెషిన్‌తో మ్యాచ్ చేసినా అన్ని లైట్ల కిందా కలుస్తుందని నేను మాటివ్వలేను. అలాంటప్పుడు ఒక మూల నుంచి ఇంకో మూల దాకా ఆ గోడ మొత్తం వేయించడమే మేలు.

కలిపిన రంగు ఇంకొకరికి అమ్ముడుపోదు. అందుకే ఇక నుంచి లేత రంగులకి ముందు లీటరు డబ్బా మాత్రమే కలిపిస్తాం, మీరు సరే అన్నాకే ఇరవై లీటర్ల బకెట్. రెండడుగుల అట్ట ముక్కకి తెల్ల ప్రైమర్ వేసి, దాని మీద రెండు కోట్లు వేసి, రాత్రంతా ఆరనివ్వండి. తడి మీద తేల్చుకోవద్దు. దాన్ని చేతిలో పడుకోబెట్టి కాకుండా గోడకి నిలబెట్టి చూడండి. పొద్దున పదింటికి లైట్లన్నీ ఆపి ఒకసారి, చీకటి పడ్డాక మీరు వాడే లైట్లే వేసి ఇంకోసారి. లైటు వేశాక కళ్లు అలవాటుపడేదాకా నాలుగైదు నిమిషాలు ఆగండి. సంధ్యవేళ మాత్రం వద్దు, కిటికీ వెలుగూ బల్బు వెలుగూ కలిసి ఒకే అట్ట రెండు రంగుల్లో కనిపిస్తుంది.

ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి "ఈ రంగే కావాలి" అంటే మాకు కుదరదండి. ఫోన్ తనంతట తానే రంగుల్ని సర్దేస్తుంది. అట్ట ముక్కనే తెచ్చేయండి, వచ్చేటప్పుడు మీ బల్బు డబ్బా కూడా తీసుకురండి, దాని మీద కెల్విన్ ఎంతో రాసుంటుంది.