కాలనీ సంక్షేమ సంఘం, విజయవాడ: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి ముగ్గుల పోటీ, వైద్య శిబిరం, కాలువల పూడికతీత ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది చెప్పుకోవాల్సింది హాలు పునాది. అది భూమిలో ఉంది కాబట్టి "ఏడాదంతా ఏం చేశారు" అని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళ కోసమే ఈ వివరం.

మన స్థలంలో పైన 3 మీటర్లు నల్లరేగడి, దాని కింద 9 మీటర్ల లోతు దాకా వదులు ఇసుక, ఆ తర్వాతే గట్టి ఇసుక. నీళ్ళు 3 మీటర్లకే తగిలాయి. అందుకే హాలు బరువును కింది గట్టి ఇసుకకు దించే 12 మీటర్ల కాంక్రీట్ స్తంభాలు, అంటే పైల్స్, తప్పలేదు. మట్టి ఒక్కటే చూస్తే కొట్టి దింపే పైల్సే మేలని మన రిటైర్డ్ ఇంజనీరు గారు కూడా అన్నారు. పైల్ దిగుతూ చుట్టూ ఉన్న వదులు ఇసుకను గట్టిపరుస్తుంది, గొయ్యి కూలే బెడద ఉండదు. ఒక్కో పైల్ ధరా తక్కువే. కానీ ఆ పెద్ద సుత్తి రిగ్గు రాకపోకల ఖర్చు 24 పైల్స్‌కైనా 200 పైల్స్‌కైనా ఒక్కటే. పైగా 12 మీటర్ల పైల్ మోసే ట్రైలర్ మన 20 అడుగుల వీధి మలుపు తిరగదు. చప్పుడు నాలుగు రోజులు ఓర్చుకోవచ్చు గానీ, అదురు సంగతి అలా కాదు. నీళ్ళు నిండిన వదులు ఇసుక అదిరితే కుంగుతుంది. మన పైల్‌కు మేలు చేసే ఆ గుణమే పక్కనున్న పాత ఇళ్ళ గోడలు చీలుస్తుంది. కాబట్టి గొయ్యి తవ్వి అందులోనే కాంక్రీట్ పోసే బోరు పైల్స్‌కే తీర్మానించాం.

బోరులో చిక్కు వేరు. ఇసుక గోడలు విరగకుండా బెంటొనైట్ అనే బంకమట్టి కలిపిన ద్రావణం నింపి తవ్వాలి. ఏడో పైల్ నాడు తవ్వకం అవగానే బరువు కట్టిన టేపు వదిలితే 12 మీటర్లు చూపింది. చువ్వల బోను దింపాక కాంక్రీట్ లారీ మూడు గంటలు ఆలస్యం. మళ్ళీ కొలిస్తే 11.4! అడుగున 60 సెంటీమీటర్ల ఇసుక పేరుకుంది. మేస్త్రీ "పోసేద్దాం సార్" అన్నాడు. ఆ మెత్తటి ఇసుక మీద పోస్తే పైల్ అడుగు గట్టి నేలను తాకదు, బరువు పడ్డాక కుంగుతుంది. ఇంజనీరు గారు ఒప్పుకోలేదు. గొట్టంతో తాజా ద్రావణం పంపి అడుగు కడిగించి, టేపు 12 చూపాకే రాత్రి పదింటికి పోయించారు. ఆ తర్వాత ప్రతి పైల్‌కూ కొలత రెండుసార్లు తీశాం.

కొలతల డ్యూటీకి పేరిచ్చినవాళ్ళు పదకొండు మంది, వచ్చింది ముగ్గురు. టీలు పంపిన మహిళా విభాగానికీ, బురద ఓర్చుకున్న మూడో వీధివారికీ ధన్యవాదాలు. కరెంటు తీగ జరపమని ఆ ఆఫీసు చుట్టూ నేను తిరిగింది పద్నాలుగు సార్లు.

జమాఖర్చులు ఆడిటర్ సంతకంతో వెనక పేజీలో ఉన్నాయి. పని మొదలుకాక ముందు పక్క ఇళ్ళ గోడలకు తీసిన ఫొటోలు సంఘం బీరువాలో ఉన్నాయి. కొత్త పగులు వచ్చిందనుకునేవారు వచ్చి పోల్చి చూసుకోవచ్చు.

ఇట్లు,
కార్యదర్శి