ఆదివారం 14వ కిలోమీటరు దగ్గర ఎందుకు ఆగిపోయానంటే

అందరికీ నమస్కారం. హాఫ్ మారథాన్ మధ్యలో ఎందుకు ఆగావని చాలామంది అడిగారు, అందుకే రాస్తున్నాను.

9వ కిలోమీటరులో, అలిపిరి వైపు ఎక్కుతుంటే పక్కటెముకల కింద పట్టేసింది. తొడలు బరువెక్కాయి. రెండు నిమిషాలు నడిచి, ఊపిరి నిదానంగా వదిలితే సర్దుకుంది. అది మామూలు కష్టమే, మళ్ళీ పరుగందుకున్నాను.

14 దగ్గర వచ్చింది వేరు. ఎండ మాడుస్తోంది, టీషర్టు చెమటతో తడిసి ముద్దయింది. అయినా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని చలి పుట్టింది. నడిచినా తగ్గలేదు. ఇంకెంత దూరముందో లెక్కేద్దామంటే 21లోంచి 14 తీసేయడం కూడా తేలలేదు. అప్పుడే భయమేసి ఆగిపోయాను. వాలంటీరు తమ్ముడు నీడలో కూర్చోబెట్టి తలమీద, మెడమీద చల్లటి నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. పాపం, చాలా సేపు కదల్లేదు.

చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోకండి. పరుగులో తగిలే వడదెబ్బకు చెమట ఆగిపోవాలనేం లేదు. పక్కన పరుగెత్తేవాళ్ళు తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, "బాగానే ఉన్నా" అన్న వాళ్ళ మాట నమ్మకుండా ఆపేయండి. వెంటనే ఒళ్ళంతా నీళ్ళతో తడుపుతూ, ఇంకొకరిచేత 108కి ఫోన్ చేయించండి.