కిటికీ సైజు కాదు, తెరుచుకునేది ఎంతో చూడండి

సంపాదకుడు గారికి,

పాత పెంకుటింట్లో, కొత్త ఫ్లాట్‌లో థర్మామీటర్లు పెట్టి వేడిని పోల్చే ప్రాజెక్టులు సివిల్ విద్యార్థులు చేస్తుంటారు. మధ్యాహ్నం మూడింటికి రెండు చోట్లా రీడింగ్ తీసుకుని, పాతిల్లే చల్లన అని రాసేస్తే మాత్రం అసలు సంగతి జారిపోతుంది.

టాప్ ఫ్లోర్ వాళ్లను అడగండి, అసలు నరకం రాత్రే అంటారు. ఐదంగుళాల స్లాబు పగలంతా కాగితే ఆ వేడి అడుగుకు దిగేసరికి పొద్దుపోతుంది. అప్పటికి బయట గాలి చల్లబడ్డా స్లాబు వేడి నేరుగా ఒంటికి తగులుతూనే ఉంటుంది. మామూలు థర్మామీటర్‌లో ఇది సరిగ్గా కనబడదు. నల్లరంగు పూసిన పింగ్‌పాంగ్ బంతిలో ఇంకో థర్మామీటర్ కొన దూర్చి, రెండింటినీ మనిషి కూర్చునే ఎత్తున పక్కపక్కన వేలాడదీసి, ఫ్యాన్ ఆపి చూడాలి. బంతిలోది ఎంత ఎక్కువ చూపిస్తే కప్పూ గోడలూ అంత వేడి వెదజల్లుతున్నట్టు. పెంకులూ ఎండకు కాలతాయి, కానీ పల్చన కాబట్టి పొద్దుగూకాక త్వరగా చల్లారతాయి. వేడిగాలి వాటి సందుల్లోంచి పైకి పోతుంది. అందుకే ఇరవైనాలుగు గంటలూ గంటగంటకూ రాసుకోవాలి. చవక థర్మామీటర్లు ఒకదానికొకటి డిగ్రీ తేడా చూపిస్తాయి గనుక ముందొక రాత్రి అన్నిటినీ ఒకే గదిలో ఉంచి ఆ తేడా సరిచేసుకోవాలి. మధ్య అంతస్తు ఫ్లాట్ కప్పుకు ఎండే తగలదు, దాన్ని పెంకుటింటితో పోల్చి ఏదో తేల్చామనుకోవడం కుదరదు.

ఇక గాలి. మా విజయవాడలాంటి ఉక్కపోత ప్రాంతాల్లో తెరుచుకునే భాగం కార్పెట్ ఏరియాలో ఆరోవంతు ఉండాలని ఇళ్లలో కరెంటు ఆదా కోసం కేంద్రం 2018లో తెచ్చిన నియమావళి ఎకో నివాస్ సంహిత చెబుతోంది. 720 చదరపు అడుగుల ఫ్లాట్‌కు అది 120 అడుగులు. ఇలాంటి ఫ్లాట్‌లో పడకగదులకు 5x4 కిటికీలు రెండు, వంటింటికి 3x3, బాల్కనీకి 6x7 తలుపు, బాత్రూముల వెంటిలేటర్లు కలిపి ఆరు అడుగులు ఉన్నాయనుకుందాం. ప్లానులో మొత్తం 97. కానీ ఇప్పుడు ఎక్కడ చూసినా స్లైడింగే కదా, రెండు పలకల స్లైడింగ్ సగమే తెరుచుకుంటుంది. వెంటిలేటర్లు పూర్తిగా తెరిచినా గాలికి దక్కేది 51 అడుగుల పైచిలుకు. కావలసినదాంట్లో సగం కూడా లేదు! పాతిళ్ల రెండు రెక్కల కిటికీ తెరిస్తే చట్రమంతా గాలే.

ఆ గాలి అయినా ఆడాలంటే ఎదురుగా ఇంకో దారి ఉండాలి. అగరుబత్తి వెలిగించి కిటికీ దగ్గర పట్టుకుంటే పొగ లోపలికొచ్చి సుడి తిరుగుతోందో, అవతలి గదిలోకి సాగుతోందో ఇట్టే తెలుస్తుంది.

మున్సిపల్ అధికారులకు నా విన్నపం ఒకటే. ప్లాను దరఖాస్తులో కిటికీ కొలత పక్కన 'తెరుచుకునే కొలత' అని ఒక గడి పెట్టించండి. ఇల్లు పూర్తయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేముందు టేపుతో కొలిచి సరిచూడండి.

— విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు, విజయవాడ