బుజ్జీ, పెరుగు తోడుకుంటోందా?

చి. బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. సంక్రాంతి అయిపోయింది. ఈసారి అరిసెలు గట్టిపడ్డాయి. తప్పు పాకానిదని నానమ్మ, బియ్యానిదని మీ అమ్మ. నేను ఇద్దరికీ తల ఊపి ఇంకో రెండు తిన్నాను. సూరిబాబు ఇల్లు స్లాబ్ దాకా వచ్చింది. పెరట్లో చిక్కుడు విరగకాసింది, వీధంతా పంచినా తరగడం లేదు. ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్ చేస్తే "తిన్నా నాన్నా, క్లాసుంది" అని పెట్టేస్తున్నావు. అందుకని పొడుల పార్సెల్‌లో ఈ కాగితం కూడా పెడుతున్నాను.

వేణు క్రిస్మస్ సెలవుల్లో కాల్గరీ నుంచి వచ్చి నిన్ను చూసి వెళ్ళాడట కదా. మంచి పని చేశాడు. వాళ్ళమ్మతో మాటల సందర్భంలో ఏదో అన్నాడట, పిన్ని మీ అమ్మతో అంది. పెద్ద విషయమేమీ కాదు. నేనేం టెన్షన్ పడటం లేదు.

మీ ఎడ్మంటన్‌లో మైనస్ 30 అని ఫోన్ చూపిస్తోంది. చెవులు కప్పుకునే టోపీ పెట్టుకుంటున్నావా? జుట్టు తడిగా ఉండగా బయటికి వెళ్ళకు. అక్కడి పాలల్లో విటమిన్ డి కలపాలని చట్టమే ఉందట, చలికాలంలో ఎండ అంతంత మాత్రం కనక. కాబట్టి పాలు మానకు. ఆ పాలతో తోడు పెట్టిన పెరుగులోనూ అది ఉంటుంది.

పెరుగు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. రాత్రిళ్ళు అన్నం మానేసి, చల్లటి పాలలో సీరియల్ పోసుకుని పడుకుంటున్నావట, నిజమేనా? నీ ఫ్రిజ్‌లో పెరుగన్నదే లేదని వేణు చెప్పాడట. పెరుగన్నం లేకపోతే పస్తున్నట్టే అని ఏడ్చే పిల్లవి నువ్వు. నవంబర్‌లో మీ అమ్మతో "పెరుగు జిగురుగా తీగలు సాగింది, పారబోశాను" అన్నావు. ఆ తరవాత పెరుగు ఊసే ఎత్తలేదు. అమ్మ దాన్ని పట్టించుకోలేదు, నేను మాత్రం మర్చిపోలేదు.

అలా సాగడానికి కారణం నీ చేతి తప్పు కాదు. మనింట్లో తోడు ఏళ్ళ తరబడి గట్టు మీద, గది వేడిలో బతికిన తోడు. ఆ వేడికే అలవాటుపడింది కనక మన చలికాలంలో కూడా కాస్త ఆలస్యంగానైనా తోడుకుంటుంది. నువ్వు తోడుకి వాడింది షాపు కప్పులోది. అందులో ఉండే సూక్ష్మజీవులు 40 నుంచి 45 డిగ్రీల మధ్య చురుగ్గా పనిచేసేవి. మీ గది హీటర్ పెట్టినా 20, 21 డిగ్రీలే ఉంటుంది. పాలు గంటలోనే చల్లారిపోతాయి, ఆ సూక్ష్మజీవులు మందగించి పాలు సరిగ్గా పులవవు. పెరుగు గడ్డకట్టకుండా జిగురొచ్చి సాగుతుంది. నోట్లో పెట్టుకోబుద్ధి కాదు.

మేం ఆదంపూర్‌లో ఉన్నప్పుడు ఇదే గొడవ పడ్డాం. మీ అన్నయ్య అప్పటికి పుట్టలేదు. నాకు ఎయిర్‌ఫోర్స్ క్వార్టర్ వచ్చిందని మీ అమ్మని తీసుకెళ్ళింది సరిగ్గా డిసెంబర్‌లో. జలంధర్ పక్కన చలి ఎలా ఉంటుందో కాకినాడ మనిషికి చెప్పినా అర్థం కాదు. ఆ పొగమంచులో ఎదురింటి గేటు కూడా కనపడేది కాదు. మీ అమ్మ రోజూ రాత్రి తోడు పెట్టడం, పొద్దున్నే గిన్నె మూత తీసి చూడటం, అవే పాలు అలాగే ఉండటం. ఒకరోజు తోడు ఎక్కువేసింది, పుల్లటి పాలొచ్చాయి. ఇంకోరోజు గిన్నెని కిరసనాయిలు స్టవ్ పక్కన పెట్టింది, ఒక పక్క విరిగి నీరు విడిచింది, రెండో పక్క అలాగే ఉంది. ఆఖరికి నా మీదకొచ్చింది, ఈ ఊరెందుకు తీసుకొచ్చావని. పోస్టింగ్ నేను వేసుకున్నదా?

పక్క క్వార్టర్‌లో ఒక పెద్దావిడ ఉండేది, అందరూ బీజీ అనేవాళ్ళు. మీ అమ్మకి అప్పటికి హిందీ రాదు, ఆవిడ పంజాబీ తప్ప మాట్లాడదు. ఒకరోజు పొద్దున్నే మీ అమ్మ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఆవిడ వచ్చి, వేలు ముంచి చూసి, పకపకా నవ్వి, చెయ్యి పట్టుకుని తన వంటింట్లోకి తీసుకుపోయిందట. అక్కడ గోధుమపిండి డ్రమ్ము మూత తీసి, చేత్తో పిండి పక్కకి తోస్తే లోపల పాత శాలువాలో చుట్టిన గిన్నె. మూత తీస్తే కత్తితో కోసేలా పెరుగు. మీ అమ్మ ఆ రోజు నన్ను డ్యూటీకి కూడా పోనివ్వకుండా చెప్పిందే చెప్పింది. ఆ సాయంత్రమే తనూ అలా పెట్టింది. కానీ మూత బిగించకుండా పెట్టింది, తెల్లారేసరికి పెరుగులో పిండి, పిండిలో పెరుగు. ఆ పిండితో రెండు పూటలు చపాతీలు తిన్నాం, మెత్తగా బాగానే వచ్చాయి. (మూత బిగించాననీ, తీసింది నేననీ మీ అమ్మ ఇప్పటికీ అంటుంది. నమ్మకు.) మర్నాటి నుంచి ఆ ఊరు వదిలేదాకా మాకు పెరుగుకి లోటు లేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పిండి వేడి ఇవ్వదు, ఉన్న వేడిని పోనివ్వదు, అంతే. పాలు ముందే సరైన వేడిలో ఉండాలి, ఆ తరవాత ఆరేడు గంటలు ఆ వేడి నిలవాలి. నీకు పిండి డ్రమ్ము లేదు, ఓవెన్ ఉంది. ఇలా చెయ్యి.

అరలీటరు పాలు తీసుకో, 3.25 శాతం వెన్న ఉన్నవి. స్కిమ్ పాలు వద్దు, పెరుగు పల్చనవుతుంది. పొంగు రానిచ్చి, మంట తగ్గించి ఇంకాసేపు మరగనీ. అలా మరిగితేనే పెరుగు చిక్కగా వస్తుంది. దించాక, చిటికెన వేలు ముంచి మెల్లగా పది లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగే వేడికి రావాలి. థర్మామీటరుంటే 43 డిగ్రీలు. వేలు చుర్రుమంటే ఆగు, అంత వేడిలో తోడు చచ్చిపోతుంది. తెల్లారినా పాలు పాలలాగే ఉన్నాయంటే చాలాసార్లు కారణం అదే.

తోడుకి కొనే కప్పు మీద ప్లెయిన్ అని ఉంటే చాలదు. వెనకాల చదువు. పాలు, బాక్టీరియా కల్చర్, ఈ రెండే ఉండాలి. జెలటిన్, కార్న్‌స్టార్చ్, పెక్టిన్ అని కనిపిస్తే అది గట్టిగా ఉన్నది పెరుగు గొప్పతనం వల్ల కాదు. పైగా జెలటిన్ శాకాహారం కాదు, నానమ్మకి చెప్పకు. వెనీలాది పొరపాటున కూడా తేకు. అక్కడ బాల్కన్ స్టైల్ అని ఒకటి దొరుకుతుంది, కప్పులోనే తోడుకున్నది, మన పెరుగుకి దగ్గరగా ఉంటుంది. చలికాలంలో అరలీటరుకి రెండు చెమ్చాలు, అదీ ఫ్రిజ్‌లోంచి ముందే తీసి చల్లదనం పోయాక, కొంచెం పాలలో చిలికి కలుపు.

మూత పెట్టి, తువ్వాలు చుట్టి, ఓవెన్‌లో లైటు మాత్రం వేసి పెట్టు. ఓవెన్ ఆన్ చెయ్యకు. ఆ బల్బు వేడి చాలు. అయితే కొత్త ఓవెన్లలో ఎల్‌ఈడీ బల్బులుంటాయి, వాటికి వేడి ఉండదు. లైటు వేసిన అరగంటకి తలుపు తీసి చెయ్యి పెట్టి చూడు, లోపల వెచ్చగా లేకపోతే మరిగించిన నీళ్ళు ఒక గిన్నెడు పక్కన పెట్టి తలుపు మూసెయ్యి, మధ్యలో ఒకసారి మార్చు. ఓవెన్ తలుపు మీద కాగితం అంటించు, లేకపోతే నీ రూమ్మేట్ పిజ్జా కోసం ఓవెన్ వేస్తుంది, గిన్నె, తువ్వాలు, పెరుగు అన్నీ పోతాయి. ఆరేడు గంటలకి గిన్నె కొంచెం వంచి చూడు, ఒక్క ముద్దగా కదలాలి. కదిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టు, వెచ్చగా ఉన్నంతసేపూ పులుస్తూనే ఉంటుంది. పైన నీరు తేలి పుల్లగా ఉంటే ఎక్కువసేపు ఉంచావన్నమాట. మళ్ళీ తీగలు సాగితే చలి తగిలిందని. అదే తోడు తిప్పి తిప్పి వాడితే కొన్నాళ్ళకి బలం తగ్గుతుంది, అప్పుడు కొత్త కప్పు కొను.

దోసెపిండి కూడా అదే ఓవెన్‌లో పులియబెట్టుకో, కాకపోతే ఇక్కడిలా ఒక రాత్రికి పొంగదు, మర్నాటి మధ్యాహ్నం దాకా పట్టొచ్చు. గిన్నె సగానికే పొయ్యి. మిక్సీ ఇక్కడి నుంచి పంపమని మీ అమ్మ గోల చేస్తోంది. మనది 230 వోల్టులు, మీది 120. పంపినా బ్లేడు తిరగలేక ఏడుస్తుంది. అక్కడే కొనుక్కో, డబ్బులు నేను వేస్తాను. డబ్బుల కోసమే తిండి తగ్గించుకుంటున్నావా ఏమిటి? అలాంటిదేమైనా ఉంటే చెప్పాలి. చదువుకి అప్పు తెచ్చాం గానీ తిండి మానమని కాదు. ఒంట్లో శక్తి లేకపోతే ఆ థీసిస్ ఎవరు రాస్తారు? మీ వయసులో మేం... సరే, అది వద్దు.

పుల్లటి పప్పు తినాలనిపిస్తే గోంగూర కోసం వెతుక్కోకు. అక్కడ క్రాన్‌బెర్రీలు దొరుకుతాయి, ఫ్రీజర్‌లో ఏడాదంతా ఉంటాయి. కప్పు కందిపప్పుకి అరకప్పు చాలు. కానీ పప్పుతో కలిపి కుక్కర్‌లో వెయ్యకు. పులుపు తగిలితే పప్పు ఉడకదు, ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటుంది. పప్పు మెత్తగా ఉడికాక, పచ్చిమిర్చితో విడిగా మగ్గించిన క్రాన్‌బెర్రీలు కలిపి తాలింపు పెట్టుకో. ఎండుమిర్చి వేసే ముందు స్టవ్ మీది ఫ్యాన్ వెయ్యి, పొగ అలారం మోగి బిల్డింగంతా మంచులోకి దిగిందని వేణు ఇది కూడా చెప్పాడు. రుబార్బ్ అని ఎర్ర కాడలుంటాయి, అవీ పప్పులో బాగుంటాయట. కాడలే సుమా. ఆకు విషం, పారెయ్యాలి. ఆకుకూర కదా అని వండేవు.

వేణు మీద కోప్పడకు, వాడు మంచికే చెప్పాడు. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు కెమెరా పాడైందనకుండా, పెరుగు గిన్నె చూపించు. తోడుకోకపోయినా చూపించు, ఎక్కడ తేడా వచ్చిందో నేను చెప్తాను. పక్కన నీ మొహం కూడా కనపడాలి, చిక్కావని అమ్మ అనుకుంటోంది.

నాన్న

తా.క. అమ్మ రాయమంటోంది: ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టకు. కరివేపాకు పొడి డబ్బా మూత గట్టిగా బిగించు, లేకపోతే గట్టిపడుతుంది. మెంతి ఖారం రూమ్మేట్‌కి కూడా పెట్టు, కొంచెమే. అన్నం రాత్రికి వండుకో.