నాన్న ల్యాప్‌టాప్ సంగతి

అమ్మా, నాన్నా, మూలలో వచ్చే ఆ వైరస్ హెచ్చరికలు చాలా వరకు ఉత్త బెదిరింపులే. మీరు పంపిన ఫొటోలో వాటి పైన బ్రౌజర్ గుర్తు కనిపించింది. ఏదో సైటుకు నోటిఫికేషన్ల అనుమతి ఇచ్చి ఉంటారు, అది తీసేస్తే ఆగిపోతాయి. దీనికోసం ఎండలో అనంతపురం అంతా తిరగకండి.

రాత్రి 8కి, అంటే ఇక్కడ జర్మనీలో మధ్యాహ్నం 4:30కి, వీడియో కాల్ చేస్తాను. నా ముఖం చూశాకే Ctrl, విండోస్ గుర్తు, Q మూడూ కలిపి నొక్కండి. Quick Assist తెరుచుకుంటుంది. నేను చదివే కోడ్ కొట్టి Allow నొక్కండి. ఆ కోడ్ 10 నిమిషాలే పనిచేస్తుంది. అప్పటికి నాకు తెర కనిపిస్తుంది, అంతే. మౌస్ నేను కదపాలంటే మీరు మరోసారి ఒప్పుకోవాలి.

బ్యాంకు పేజీలు ముందే మూసేయండి. ఓటీపీ, పిన్ నేను అడగను. ఏమాత్రం అనుమానం వచ్చినా Leave నొక్కండి, లేదా వైఫై ఆపేయండి, నేనేమీ అనుకోను.

నా పేరు చెప్పి కొత్త నంబరు నుంచి ఎవరైనా కోడ్ చెబితే మాత్రం కొట్టకండి. నాన్నా, చార్జర్ పెట్టి ఉంచండి, పోయినసారి మధ్యలోనే ఆగిపోయింది.