ఆ మూడో ట్యూబు విషయం

కావలి,
మంగళవారం రాత్రి

చిట్టితల్లీ,

నువ్వు పూసుకుంటున్న వాటివి పంపిన మూడు ఫొటోలూ చూశాను. మధ్యాహ్నం కౌంటర్ దగ్గర జనం ఉండటంతో నీతో సరిగా మాట్లాడలేకపోయాను. అయినా ఈ పేర్లన్నీ ఫోనులో చెబితే సగం మరిచిపోతావు. మందుల షాపు మూసి వచ్చి, అన్నం తిని, రాయడానికి కూర్చున్నాను.

ఆరో నెల దాటింది, బొడ్డు కింద చారలు మొదలయ్యాయి, ఏది పూసుకుంటే పోతాయని అడిగావు. పూర్తిగా పోగొట్టేది ఏదీ లేదమ్మా. షాపులో అమ్ముకునే సరుకు గురించి ఇలా చెప్పకూడదు గానీ, అడిగింది నువ్వు.

చార పైచర్మం మీద పడేది కాదు. దాని కింద మందపాటి పొర ఒకటి ఉంటుంది, కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే పోగులతో నేసిన బట్టలా. పొట్ట వేగంగా పెరిగినప్పుడు, కడుపుతో ఉన్నప్పటి హార్మోన్ల వల్ల ఆ నేత కాస్త బలహీనపడినప్పుడు, పోగులు తెగి పక్కకు జరుగుతాయి. నా పాత వెంకటగిరి చీరలో పిన్నీసు పెట్టిన చోట పోగులు జరిగిపోయి సన్నటి గీత పడింది చూడు, అలాగే. మనం రాసే నూనె పైపొరలోనే ఆగిపోతుంది. చీర మీద గంజి చల్లితే లోపల జరిగిన పోగులు మళ్లీ దగ్గరికి వస్తాయా?

మన ఇంట్లోనే చూడు. నువ్వు కడుపులో ఉన్నప్పుడు అమ్మమ్మ రోజూ నాకు నువ్వుల నూనె రాసింది. అయినా పొట్ట నిండా చారలు వచ్చాయి. మీ పిన్ని ఏమీ పూసుకోలేదు, ఆమెకు ఒక్కటీ రాలేదు. తల్లికి వచ్చి ఉంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ, కాబట్టి నీ చారల్లో నా వాటా ఉంది. నావి మొదట్లో ముదురు ఊదా రంగులో ఉండేవి. నీకు రెండేళ్లు నిండేసరికి వెలిసిపోయి, చర్మం కంటే కాస్త తెల్లగా మిగిలాయి. ఇప్పుడు వెలుతురులో వెతికితే కనిపిస్తాయి. నీవీ ఆ దారినే పోతాయి. ఆ రెండేళ్లలో ఏ క్రీము వాడినా, తగ్గిన పేరు దానికే వస్తుంది.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. ఇలాంటి పూతల మీద జరిగిన ఆరు పరీక్షలను, మొత్తం 800 మంది గర్భిణుల వివరాలను, కోక్రేన్ అనే సంస్థ 2012లో ఒకచోట పెట్టి చూసింది. పూసుకున్నవాళ్లకూ పూసుకోనివాళ్లకూ చారలు రావడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇక నీ ఫొటోలు. మొదటిది కోకో బటర్ క్రీము. చారలను ఆపదు గానీ హానీ లేదు. చర్మం మెత్తబడుతుంది, లాగినట్టుండే దురద తగ్గుతుంది. డబ్బు పెట్టి కొన్నావు కాబట్టి వాడుకో, అయిపోయాక మళ్లీ కొనవద్దు. ఆ పని కొబ్బరి నూనె చేస్తుంది. అయితే అందులో కర్పూరం కలపకు. జలుబుకూ నొప్పులకూ కలిపే అలవాటు మన ఇళ్లలో ఉంది, కానీ కర్పూరం చర్మంలోంచి లోపలికి వెళ్లి బిడ్డ వరకూ చేరగలదు. ఏ నూనె అయినా స్నానం తర్వాత కాస్త తడి ఉండగానే ఒక చెంచాడు చాలు. ఎక్కువ రాసుకుని ఈ ఎండల్లో చెమట పడితే పొట్టంతా పొక్కులే.

రెండోది ఆ ఖరీదైన నూనె. వెనకవైపు సన్న అక్షరాలను పెద్దవి చేసి చూశాను. రెటినైల్ పాల్మిటేట్ ఉంది, అంటే విటమిన్ ఏ రూపం. రెటినాల్, ట్రెటినాయిన్, అడపాలిన్ కూడా ఆ కుటుంబానివే. ఈ జాతి మందుల్లో మాత్రగా మింగేవి కడుపులో బిడ్డకు అవకరాలు తెస్తాయని రుజువైంది. పైన పూసేది లోపలికి వెళ్లేది చాలా తక్కువే, అయినా కడుపుతో ఉన్నప్పుడు వద్దనే చెబుతారు. వారం రోజులు పూసుకున్నానన్నావు, దానికి భయపడాల్సింది లేదు. ఈ రోజుతో ఆపేయి, చాలు.

నన్ను కూర్చోబెట్టి ఇంత రాయించింది మూడోది. పార్లర్ అమ్మాయి ఇచ్చిన ఆ చిన్న ట్యూబు. 'చారలు, మచ్చలు అన్నీ పోతాయి' అందన్నావు. దాని మీద మూడు పేర్లు ఉన్నాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్. మొదటిది రంగు తగ్గించే మందు, పూసిన దాంట్లో మూడో వంతుకు పైగా ఒంట్లోకి పోతుంది. రెండోది ఇందాక చెప్పిందే. మూడోది స్టెరాయిడ్, అదీ ఘాటైనది. స్టెరాయిడ్ చేసే పని ఏమిటో తెలుసా? చర్మం కింద కొల్లాజెన్ తయారవడాన్ని తగ్గించి చర్మాన్ని పల్చన చేస్తుంది. అంటే చారలు పోవాలని రాసుకునే ఆ క్రీమే కొత్త చారలు తెస్తుంది.

నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల క్రితం, కాన్పయి నాలుగు నెలలైన ఒకమ్మాయి మా షాపుకు ఇలాంటి ఖాళీ ట్యూబు పట్టుకొచ్చి ఇంకోటి ఇమ్మంది. మొదటి పది రోజులు చారల రంగు బాగా తగ్గిందట, అందుకే నమ్మకం కుదిరి తొడల మీద, గజ్జల్లో కూడా రాసింది. రెండు నెలలకు గజ్జల్లో వేలు వెడల్పున ఎర్రటి చారలు పడ్డాయి. అక్కడ చర్మం ముందే పల్చన, పైగా మడతల్లో మందు ఎక్కువగా ఇంకుతుంది. అవి కాన్పు చారలని ఆమె అనుకుంటోంది. పొట్ట తగ్గిన నాలుగు నెలలకు గజ్జల్లో కొత్తగా కాన్పు చారలు ఎందుకు వస్తాయి? ట్యూబు ఇవ్వకుండా చర్మవైద్యుడి దగ్గరికి పంపాను. అలాంటి స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే ప్రభుత్వం చెప్పింది. అయినా అవి పార్లర్లలోకి ఎలా వస్తున్నాయో నాకు తెలియనిది కాదు, మా వ్యాపారంలో ఉన్నవాళ్లే ఇస్తారు. నువ్వు రెండు రోజులే వాడావు కాబట్టి ఊరికే ఆపేస్తే సరిపోతుంది, కానీ ఈసారి చెకప్‌లో డాక్టరమ్మకు ట్యూబు పేరు చెప్పు.

కాన్పయ్యాక లేజరు చేయించుకోవచ్చా అన్నావు. చార రంగు మీద ఉండగా చేస్తే కొంత ఫలితం ఉంటుంది, తెల్లబడ్డాక తక్కువ. మనలాంటి చామనచాయ చర్మానికి అదే లేజరు నల్ల మచ్చలు మిగల్చవచ్చు, కాబట్టి పార్లర్లో మాత్రం వద్దు. బిడ్డకు పాలు మానిపించాక చర్మవైద్యుడిని అడుగుదాం.

ఇంకొకటి. పొట్ట మీద దురద మామూలే. కానీ అరచేతులు, అరికాళ్లు దద్దురు లేకుండానే, ముఖ్యంగా రాత్రిళ్లు దురద పెడితే నూనె రాసి ఊరుకోకు. అది లివరు నుంచి వచ్చేది కావచ్చు, బిడ్డకు ప్రమాదం. అదే రోజు వెళ్లి పిత్తామ్లాల రక్తపరీక్ష చేయించుకో.

శనివారం రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో మీ నాన్న బయలుదేరుతున్నారు. గానుగ నువ్వుల నూనె సీసా పంపుతున్నాను, ముందు మోచేతి లోపలివైపు కాస్త రాసి ఒక రోజు చూడు. ఆ మూడో ట్యూబును చెత్తబుట్టలో వేయకు, మీ ఆడపడుచు తీసి ముఖానికి రాసుకోగలదు. నాన్న సంచిలో వేసి పంపు.

మీ అమ్మ